చివరి అక్షరం నుంచి చదవాల్సిన పేరు

ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పేరులో సాధారణంగా నాలుగు భాగాలుంటాయి. కోర్ i5-13420H అనే పేరునే తీసుకుంటే i5 అన్నది శ్రేణి, 13 అన్నది జనరేషన్, 420 ఆ జనరేషన్‌లో ఆ మోడల్ స్థానం. చివరి H ఆ ప్రాసెసర్‌ను ఎలాంటి ల్యాప్‌టాప్ కోసం తయారుచేశారో చెబుతుంది. దుకాణంలో ల్యాప్‌టాప్ పక్కన పెట్టే కార్డు మీద మాత్రం చాలాసార్లు మొదటి భాగమే కనిపిస్తుంది. కోర్ i5, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అని రాసి వదిలేస్తారు. i3 కన్నా i5, i5 కన్నా i7 మేలన్న లెక్కతో కొనేవాళ్లూ అక్కడే ఆగిపోతారు. ఆ లెక్క ఒకే జనరేషన్‌కు చెంది, చివర ఒకే అక్షరం ఉన్న ప్రాసెసర్ల మధ్యే పనికొస్తుంది. అవి మారితే i5 ముందు i7 వెనకబడటం మామూలే.

ఇంటెల్ పాత పద్ధతి పేర్లలో జనరేషన్ గుర్తుపట్టడం తేలిక. గీత తర్వాత వచ్చే అంకె 1 అయితే మొదటి రెండంకెలు, కాకపోతే మొదటి ఒక్క అంకె జనరేషన్ అవుతుంది. ఆ ప్రకారం i5-8250U ఎనిమిదో జనరేషన్‌ది, i5-1235U పన్నెండోది. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఈ చిన్న లెక్క చాలా అవసరం. ఎందుకంటే విండోస్ 11కు మైక్రోసాఫ్ట్ అధికారికంగా అనుమతించే ఇంటెల్ కోర్ ప్రాసెసర్లు, ఒకటీ అరా మినహాయింపులు తప్ప, ఎనిమిదో జనరేషన్ నుంచే మొదలవుతాయి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి i7-7500U ఉన్న ల్యాప్‌టాప్ పైకి ఎంత కొత్తగా కనిపించినా దాన్ని పాతదిగానే లెక్కపెట్టాలి.

అన్నిటికన్నా ఎక్కువ సంగతి చెప్పేది చివరి అక్షరం. ప్రాసెసర్ ఎంత కరెంటు తీసుకుంటుందో, అంటే ఎంత వేడెక్కుతుందో, దాన్ని బట్టే తెలుస్తుంది. 12, 13 జనరేషన్లలో U అంటే మూల విద్యుత్ పరిమితి సాధారణంగా 15 వాట్లు, P అంటే 28, H అంటే 45. అవసరమైనప్పుడు కొద్దిసేపు ఇంతకన్నా ఎక్కువ వాడుకునే వీలుంటుంది. U ప్రాసెసర్ పలుచటి బాడీలో, చిన్న ఫ్యాన్‌తో నడిచిపోతుంది. బ్యాటరీనీ పొదుపుగా వాడుతుంది. H ప్రాసెసర్‌కు పెద్ద ఫ్యాన్లు, బరువైన చార్జర్ కావాలి. పెద్ద గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో కనిపించే HX దానికన్నా పై మెట్టు.

దీని ప్రభావం ఎంతో తెలియాలంటే 13వ జనరేషన్‌లోనే i7-1355U, i5-13420H అనే రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంటెల్ ఈ జనరేషన్లలో రెండు రకాల కోర్లు వాడింది. భారీ పనికి పెద్ద కోర్లు, తేలిక పనికి తక్కువ విద్యుత్‌తో నడిచే చిన్న కోర్లు. i7-1355Uలో మొత్తం పది కోర్లున్నా పెద్దవి రెండే, మిగిలిన ఎనిమిదీ చిన్నవి. i5-13420Hలో మొత్తం ఎనిమిదే అయినా వాటిలో నాలుగు పెద్దవి. కార్డు మీద చూస్తే i7దే పైచేయి. కోర్లు ఎక్కువ, గరిష్ఠ వేగమూ ఎక్కువే: 4.6 గిగాహెర్ట్జ్‌కు బదులు 5. బ్రౌజర్‌లో పేజీ తెరవడం, ఎక్సెల్ షీట్ లెక్కించడం లాంటి క్షణాల్లో ముగిసే పనుల్లో ఆ వేగం నిజంగానే అక్కరకొస్తుంది. అదే అరగంట పెళ్లి వీడియోను ఎడిట్ చేసి ఎక్స్‌పోర్ట్ పెడితే కథ మారుతుంది. U ప్రాసెసర్ మొదట్లో ఉరికి, వేడి పెరిగేకొద్దీ తన 15 వాట్ల దగ్గరికి దిగివస్తుంది. మంచి ఫ్యాన్లున్న బాడీలోని H ప్రాసెసర్ 45 వాట్ల దగ్గర నిలకడగా పనిచేస్తుంది. ఇలాంటి ఎడతెగని పనికి i5నే ఎంచుకోవాలి. రోజంతా కాలేజీలోనో ఆఫీసులోనో చార్జర్ లేకుండా తిరిగే మనిషికి ఆ i7 నయం.

U వర్గంలోనే i5-1335Uను తీసుకుంటే అందులోనూ రెండు పెద్ద కోర్లు, ఎనిమిది చిన్న కోర్లే ఉంటాయి. గరిష్ఠ వేగం 4.6 గిగాహెర్ట్జ్, లోపలి గ్రాఫిక్స్ i7 కన్నా కొంచెం తక్కువ. ఇంత చిన్న తేడాకు వేలకు వేలు ఎక్కువ అడుగుతుంటే, ఆ డబ్బుతో ర్యామ్ పెంచుకోవడమే తెలివైన పని.

ఏఎండీ రైజెన్ పేర్లలో చిక్కు మరోచోట ఉంది. 2023 నుంచి వచ్చిన 7000 వరుసలో మొదటి అంకె ఆ మోడల్ ఏ ఏటిదో చెబుతుంది, లోపలి డిజైన్ ఏ కాలంనాటిదో చెప్పదు. దాన్ని చెప్పేది మూడో అంకె. రైజెన్ 5 7520Uలో మూడో అంకె 2, అంటే 2019లో తొలిసారి వచ్చిన జెన్ 2 డిజైన్. 7530Uలో 3, అంటే జెన్ 3. 7540Uలో 4, అంటే జెన్ 4. మూడూ రైజెన్ 5లే, మూడూ 7 తోనే మొదలవుతాయి, మూడింటి చివరా U ఉంది. కానీ మొదటిదానిలో నాలుగు కోర్లే, మిగతా రెండింటిలో ఆరేసి. పైగా 7520Uతో వచ్చే ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది. 8 జీబీ మోడల్ కొంటే తర్వాత పెంచుకునే దారి లేదు. తక్కువ ధరలో రైజెన్ 5 అంటూ కనిపించే ల్యాప్‌టాప్‌లో మొట్టమొదట చూడాల్సింది ఈ మూడో అంకెనే.

ఇంటెల్ కూడా 2023 చివరి నుంచి కొత్త మోడళ్లలో i అనే అక్షరాన్ని వదిలేస్తూ వచ్చింది. ఇప్పుడు కోర్ 7 150U, కోర్ అల్ట్రా 7 155H లాంటి పేర్లు వస్తున్నాయి. మూడంకెల్లో మొదటిది సిరీస్. వీటిలో అల్ట్రా అన్న మాటే కీలకం. అల్ట్రా 155Hలో ఉన్నది కొత్త డిజైన్. అల్ట్రా లేని 150Uలో ఉన్నది 13వ జనరేషన్ నాటి డిజైనే, వేగం మాత్రం కాస్త పెంచారు. అది చెడ్డదేమీ కాదు, i7-1355U కన్నా ఒక మెట్టు పైదే. కానీ సరికొత్త జనరేషన్ ధర పెట్టి కొనదగ్గది కాదు. అల్ట్రా 7 258V లాంటి V రకంలో ర్యామ్ ప్రాసెసర్‌తో కలిసే వస్తుంది కాబట్టి, దాన్నీ కొన్నాక పెంచలేరు.

పేరు మొత్తం చదివినా తేలని సంగతి ఒకటుంది. ఒకే ప్రాసెసర్‌కు ఎంత విద్యుత్ అందించాలో చాలావరకు ల్యాప్‌టాప్ కంపెనీయే నిర్ణయిస్తుంది. అదే i5-13420H పలుచటి బాడీలో ఒకలా, దళసరి బాడీలో మరోలా పనిచేస్తుంది. అందుకే ఆ ప్రాసెసర్ గురించి విడిగా కాకుండా, ఫలానా ల్యాప్‌టాప్ మోడల్‌లో దాన్ని పరీక్షించి చెప్పిన ఫలితాలు వెతకాలి.

కార్డు మీద పూర్తి పేరు లేకపోతే డెమో ల్యాప్‌టాప్‌లోనే చూసుకోవచ్చు. Ctrl + Shift + Esc నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో Performance, ఆపైన CPU ఎంచుకుంటే కుడివైపు పైన పూర్తి పేరు, కింద Cores అన్నచోట కోర్ల సంఖ్య కనిపిస్తాయి. డెమోలో ఉన్నదీ, సీల్డ్ పెట్టెలో ఇచ్చేదీ ఒకే రకం కావాలనేం లేదు. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు ప్రాసెసర్లు అమ్మడం కంపెనీలకు అలవాటే. కాబట్టి పెట్టె మీది లేబుల్‌లో కూడా చివరి అక్షరం దాకా పేరు సరిచూసుకుని, బిల్లులో అదే రాయించుకున్నాకే డబ్బు కట్టాలి.