గోగునార కొనుగోలులో మూడు పత్రాల సరిపోలిక: బిల్లు తేడాల విశ్లేషణ

విజయనగరం జిల్లాలో రామతీర్థం ఉన్న నెల్లిమర్ల మండలం జనపనార మిల్లుకు కూడా పేరుపొందింది. ఉత్తరాంధ్రలోని ఇటువంటి మిల్లులకు జనపనారతో పాటు ఈ ప్రాంతంలో పండే గోగునార ముడిసరుకు. నార గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఎండకు విడిచిపెడుతుంది. కాబట్టి లారీ బయలుదేరిన చోటి తూకం, మిల్లు గేటు వద్ద తూకం ఒకటిగా ఉండడం అరుదు. ఈ కారణంగా సరఫరాదారుల బిల్లులను సరిచూసే పద్ధతిని పరిశీలించడానికి గోగునార కొనుగోలు అనువైన ఉదాహరణ.

ఈ పద్ధతికి మూడు పత్రాలు ఆధారం. ఏ ధరకు, ఎంత, ఏ షరతులపై కొనడానికి ఒప్పుకున్నదీ కొనుగోలు ఆర్డరు చెబుతుంది. వాస్తవంగా ఏమి చేరిందో సరుకు స్వీకృతి పత్రం చెబుతుంది. సరఫరాదారు ఎంత కోరుతున్నాడో బిల్లు చెబుతుంది. మూడింటినీ వేర్వేరు వ్యక్తులు తయారుచేయడంలోనే ఈ పద్ధతి బలం ఉంది. బిల్లులోని బరువును చూసి గోదాము గుమాస్తా స్వీకృతి పత్రం రాస్తే మూడు పత్రాలూ చక్కగా సరిపోతాయి, కానీ ఆ సరిపోలిక దేనినీ రుజువు చేయదు. ప్రతి లారీకీ స్వీకృతి బరువు బిల్లు బరువుతో కిలోతో సహా కలుస్తూ ఉంటే, అది నిర్దుష్టతకు గుర్తు కాదు, అనుమానించవలసిన విషయం.

లెక్క కోసం ఒక ఊహాజనిత ఉదాహరణను తీసుకోవచ్చు. ఆర్డరు ప్రకారం 200 క్వింటాళ్ల నార, క్వింటాలు ధర రూ.5,000, అనుమతించిన తేమ 18 శాతం. తేమ అంతకు మించితే మించిన శాతం మేరకు బరువు తగ్గించాలి. బిల్లు 200 క్వింటాళ్లకు, రూ.5,050 చొప్పున, మొత్తం రూ.10,10,000. మిల్లు తూకంలో చేరినది 196 క్వింటాళ్లు, తేమ 20 శాతం.

అదనపు తేమ 2 శాతానికి 3.92 క్వింటాళ్లు తగ్గిస్తే 192.08 మిగులుతుంది. దాని విలువ రూ.9,60,400. బిల్లుకూ దీనికీ మధ్య తేడా రూ.49,600. ఈ మొత్తాన్ని ఒకే తేడాగా చూపి బిల్లును ఆపివేస్తే ఎవరు జవాబు చెప్పాలో తేలదు. విడదీస్తే ధర తేడా రూ.10,000, తూకం తేడా రూ.20,000, తేమ తేడా రూ.19,600.

ధర తేడాకు జవాబు కొనుగోలు విభాగం చెప్పాలి. ధర పెంపునకు ఆ విభాగం ముందే ఒప్పుకొని ఉంటే, అధికారం ఉన్నవారు ఆర్డరును తేదీతో సవరించాలి. లేకపోతే ఆర్డరు ధరే వర్తిస్తుంది. చెల్లింపుల విభాగం తానే ఆర్డరును సవరించడం మాత్రం తగదు. తూకం తేడాకు గోదాము బాధ్యత వహిస్తుంది. రెండు చోట్ల వేబ్రిడ్జి చీటీలను, ముఖ్యంగా ఖాళీ లారీ బరువును ఆ రోజే తూచారా, పాత అంకెనే రాశారా అన్నది చూడాలి. తేమ తేడాకు నాణ్యతా పరీక్షకుడు, నమూనా తీసిన సమయం, వీలైతే సరఫరాదారు ప్రతినిధి సంతకం ఆధారాలు.

ఇక్కడ సరఫరాదారు ఒక అభ్యంతరం చెప్పవచ్చు: దారిలో నార ఆరడం వల్లనే నాలుగు క్వింటాళ్లు తగ్గాయి, మళ్లీ తేమ పేరిట కోత విధించడం ఒకే తప్పుకు రెండు శిక్షలు కాదా? దీనికి సమాధానం పొడి నార లెక్కలో ఉంది. 196 క్వింటాళ్లలో 20 శాతం తేమ పోగా పొడి నార 156.8 క్వింటాళ్లు. తరుగు అంతా ఆరడం వల్లనే అయితే బయలుదేరినప్పుడు 200 క్వింటాళ్లలో తేమ 21.6 శాతం ఉండి ఉండాలి. రెండు లెక్కల్లోనూ పొడి నార మారదు. దానిని 18 శాతం తేమ స్థాయికి మారిస్తే 191.22 క్వింటాళ్లు వస్తుంది. అంటే కోత రెండుసార్లు పడలేదు. అయితే ఈ లెక్కన విలువ, శాతం తగ్గించే లెక్కకన్నా సుమారు రూ.4,300 తక్కువ. రెండింటిలో ఏ పద్ధతి వర్తిస్తుందో ఆర్డరులోనే రాయకపోతే వివాదం ప్రతి లారీతోనూ తిరిగి వస్తుంది. ఈ ఉదాహరణలో ఆర్డరు శాతం పద్ధతినే చెప్పింది కనుక చెల్లించవలసినది రూ.9,60,400.

తేడా తేలాక బిల్లుపై అంకెలు దిద్దకూడదు. బిల్లును యథాతథంగా నమోదు చేసి, మూడు కారణాలనూ వేర్వేరుగా చూపే డెబిట్ నోటు పంపి, ఒప్పుకున్న మొత్తాన్ని గడువులోగా చెల్లించడం సరైన క్రమం. స్వల్ప తూకం తేడాలకు కొంత పరిమితిని, ఉదాహరణకు అర శాతాన్ని, విడిచిపెట్టడం సమంజసమే. కానీ వేబ్రిడ్జి పొరపాట్లు సాధారణంగా ఎక్కువవైపు కొన్నిసార్లు, తక్కువవైపు కొన్నిసార్లు పడతాయి. ఒకే సరఫరాదారు లారీలు వరుసగా పరిమితికి కొంచెం లోపల, ఎప్పుడూ మిల్లుకు నష్టం వచ్చేవైపే ఉంటే, విడివిడిగా ఏ బిల్లూ ఆగదు. అన్నింటినీ ఒక వరుసలో పెట్టి కూడినప్పుడే ఆ నష్టం కనబడుతుంది. కాబట్టి పరిమితిలోపు వదిలిన తేడాలను కూడా సరఫరాదారువారీగా నమోదు చేసి, నెలకొకసారి మొత్తం చూడటం ఈ పద్ధతిలో విడదీయరాని భాగం.