షేర్ల బైబ్యాక్: రిజర్వుల లెక్క

కంపెనీ తన షేర్లను ముఖ విలువ కంటే ఎక్కువ ధరకు తిరిగి కొని రద్దు చేస్తే, ఆ అదనపు సొమ్మును రిజర్వుల నుంచి సర్దాలి. ఒక ఊహా కంపెనీకి 10 రూపాయల షేర్లు 10 లక్షలున్నాయి. అంటే మూలధనం కోటి రూపాయలు. సెక్యూరిటీస్ ప్రీమియం 25 లక్షలు, జనరల్ రిజర్వు 80 లక్షలు. లక్ష షేర్లను 50 రూపాయల చొప్పున కొంటే 50 లక్షలు ఖర్చవుతుంది. కంపెనీల చట్టం, 2013 ప్రకారం వాటాదారుల ప్రత్యేక తీర్మానంతో మూలధనం, రిజర్వుల మొత్తంలో 25 శాతం వరకు వెచ్చించవచ్చు. ఇక్కడ ఆ పరిమితి 51.25 లక్షలు కాబట్టి ఈ కొనుగోలు చెల్లుతుంది.

ఖర్చులో ముఖ విలువ 10 లక్షలు మూలధనం నుంచి తగ్గుతుంది. మిగిలిన 40 లక్షల ప్రీమియంలో 25 లక్షలు సెక్యూరిటీస్ ప్రీమియం భరిస్తుంది, 15 లక్షలు జనరల్ రిజర్వు భరిస్తుంది.

పని అంతటితో ముగియదు. బైబ్యాక్ రిజర్వుల నుంచి జరిగింది కాబట్టి, రద్దయిన ముఖ విలువకు సమానంగా మరో 10 లక్షలను జనరల్ రిజర్వు నుంచి క్యాపిటల్ రిడంప్షన్ రిజర్వుకు మార్చాలి. ఈ సొమ్మును డివిడెండుగా పంచకూడదు. పూర్తిగా చెల్లించిన బోనస్ షేర్ల జారీకే వాడాలి. రుణదాతలకు రక్షణగా ఉన్న నిధి కరిగిపోకుండా ఇది ఆపుతుంది.

చివరికి మూలధనం 90 లక్షలు, క్యాపిటల్ రిడంప్షన్ రిజర్వు 10 లక్షలు, జనరల్ రిజర్వు 55 లక్షలు మిగులుతాయి. మొదటి రెండూ కలిపితే పాత కోటి రూపాయలు రావాలి. రాకపోతే ఈ బదిలీని మరిచినట్టే.