కామా పెడితే ఐదు ప్లాట్లు, తీసేస్తే రెండు

ఒక పెద్దాయనకు ఐదు ప్లాట్లున్నాయి అనుకుందాం. గుంటూరులో రెండు, హైదరాబాద్ శివార్లలో మూడు. ఆయన ఇంగ్లిషులో రాయించిన వీలునామాలో ఇలా ఉంది: 'ద ప్లాట్స్ విచ్ ఆర్ ఇన్ గుంటూరు షల్ గో టు మై డాటర్.' కూతురికి దక్కేవి ఎన్ని? రెండు. 'విచ్ ఆర్ ఇన్ గుంటూరు' అన్న ముక్క ఐదింటిలోంచి రెండింటిని ఏరి చూపిస్తోంది. ఇలా ఏరి చూపే ఉపవాక్యాన్ని వ్యాకరణంలో రెస్ట్రిక్టివ్ క్లాజ్ అంటారు.

ఇప్పుడు టైపిస్టు 'ప్లాట్స్' తర్వాత ఒక కామా, 'గుంటూరు' తర్వాత ఒక కామా పెట్టాడు. అంతే, వాక్యం చెప్పేది మారిపోయింది. 'నా ప్లాట్లు నా కూతురికి. అన్నట్టు, అవి గుంటూరులో ఉన్నాయి.' అంటే ఐదూ ఆమెకే. పైగా ఐదూ గుంటూరులోనే ఉన్నాయన్న అబద్ధం కూడా అందులో చేరింది. కోర్టుకెక్కితే జడ్జిగారు ఏం తేలుస్తారన్నది వేరే సంగతి; అన్నదమ్ములు ఎక్కడానికి మాత్రం ఆ రెండు కామాలు చాలు. ఇలా ఊరికే అదనపు సమాచారం చెప్పే ఉపవాక్యం నాన్ రెస్ట్రిక్టివ్ క్లాజ్. ఇక్కడ కామాలు రెండూ కలిసి బ్రాకెట్ల పని చేస్తాయి. అందుకే మొదటిది పెట్టి రెండోది మరిచిపోతే వాక్యం తెరిచిన తలుపులా వేలాడుతుంది.

మనకు ఇది ఎందుకు తికమక పెడుతుందంటే, తెలుగులో ఈ తేడాకు గుర్తు లేదు. 'గుంటూరులో ఉన్న నా ప్లాట్లు నా అమ్మాయికి' అన్నప్పుడు, గుంటూరులో ఉన్నవి మాత్రమేనా, ఉన్నవన్నీ అక్కడేనా అన్నది వినేవాడు సందర్భాన్నిబట్టి గ్రహించుకోవాలి. 'ఉన్న' అనే మాట రెండు అర్థాలకూ సరిపోతుంది. కామా పెట్టే చోటూ లేదు. ఆ అలవాటుతోనే ఇంగ్లిషు రాస్తాం కనుక, కామాను ఊపిరి పీల్చుకునే చోటనుకుని వాక్యం పొడుగైనప్పుడల్లా ఒకటి పడేస్తాం.

కామా జారిపోతుందన్న భయం ఉంటే 'దట్' ఆదుకుంటుంది. 'ద ప్లాట్స్ దట్ ఆర్ ఇన్ గుంటూరు' అని రాస్తే రెండు ప్లాట్లే. మామూలు ఇంగ్లిషులో దట్ ఏరి చూపడానికే తప్ప అదనపు సమాచారానికి రాదు. ఎవరైనా పొరపాటున కామా చేర్చినా, చదివేవాడికి అది తప్పని తెలిసిపోతుంది.

అందుకే ఏరి చూపేదానికి దట్, అదనపు దానికి కామాతో విచ్ అని పని పంచుకుంటే బాగుంటుందని హెచ్. డబ్ల్యూ. ఫౌలర్ 1926లో వచ్చిన తన 'ఎ డిక్షనరీ ఆఫ్ మోడర్న్ ఇంగ్లిష్ యూసేజ్'లో సూచించాడు. గమనించండి, అది సూచన మాత్రమే. మంచి రచయితలు అలాగే రాస్తున్నారని చెప్పడం కష్టమని ఆయనే ఒప్పుకున్నాడు. అమెరికా సంపాదకులు మాత్రం దాన్ని శాసనంలా పట్టుకున్నారు. బ్రిటన్‌లో కామా లేని విచ్ ఈనాటికీ తప్పు కాదు. అమెరికాలోనూ 1941లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మర్నాడు అధ్యక్షుడు రూజ్వెల్ట్ చేసిన ప్రసంగంలో 'ఎ డేట్ విచ్' అనే ఉంది. ఆయనకు ఇంగ్లిషు రాదని ఎవరూ అనలేదు.

దట్‌కూ హద్దులున్నాయి. 'ఇన్', 'టు' లాంటి మాట ముందొస్తే విచ్ తప్పదు: 'ద హౌస్ ఇన్ విచ్ ఐ వాజ్ బార్న్'. మనుషుల విషయంలో ఎక్కువగా 'హూ' రాస్తాం, అప్పుడు భారమంతా కామా మీదే. 'మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ డల్లాస్' అంటే ఉన్నది ఒక్కడే అన్నదమ్ముడని వినిపిస్తుంది. కామాలు తీసేస్తే ఇంకొకడైనా ఉన్నాడు, నేను చెప్తున్నది డల్లాస్ వాడి గురించి అని. ఊరి పేరులాంటివి తమంతట తామే తెలుస్తాయి కాబట్టి, వాటి తర్వాత సాధారణంగా కామా ఉండాల్సిందే. (సింధ్‌లోనూ ఒక హైదరాబాద్ ఉంది కదా అంటారా? అప్పుడు ఏరి చూపాల్సిందే!)

ఇక మైక్రోసాఫ్ట్ వర్డ్ సంగతి. కామా లేని విచ్ కనిపిస్తే అది కింద గీత గీసి, కామా పెట్టమనో, దట్ వాడమనో అడుగుతుంది. చాలామంది మొదట కనిపించినదాన్ని నొక్కేస్తారు. ఆ రెండు సలహాలకూ అర్థం ఒకటి కాదు. ప్లాట్లు రెండో ఐదో వర్డ్‌కు తెలియదు. నొక్కే ముందు ఆ ఉపవాక్యాన్ని వేలితో మూసి మిగిలింది చదవండి. 'ద ప్లాట్స్ షల్ గో టు మై డాటర్' అన్నదే మీరు చెప్పదలచుకున్న మాటైతే కామాలు పెట్టండి. 'ఏ ప్లాట్లు?' అన్న ప్రశ్న వస్తే కామాలు తీసేసి దట్ రాయండి.