మాస్టారి మీసం: రంగు వేయడమా, మానడమా?

తలకు రంగు నెలకోసారి వేసుకుంటే సరిపోతుంది. మీసానికి అలా కుదరదు. వారం తిరక్కుండానే ముక్కు కింద తెల్లగీత బయటపడుతుంది. మీసం మరీ వేగంగా పెరగడం వల్ల కాదిది. తలమీదైనా మూతిమీదైనా వెంట్రుక పెరిగేది రోజుకు సుమారు మిల్లీమీటరులో మూడో వంతే. తలమీద పొడుగు జుట్టు తెల్ల కుదుళ్లను కప్పేస్తుంది. సెంటీమీటరు కూడా లేని మీసానికి ఆ వీలు లేదు. వారానికి రెండు మిల్లీమీటర్లకు పైగా తెలుపు వస్తే, మీసంలో నాలుగో వంతు తెల్లబడినట్టే. పైగా ఎదురుగా కూర్చుని మాట్లాడేవాళ్ల చూపు ముందు పడేదీ అక్కడే.

తణుకులో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. వయసు 67. ఉద్యోగంలో ఉండగా మొదలుపెట్టిన రంగును రిటైరయ్యాక కూడా వదల్లేదు. తలమీద జుట్టు చాలావరకు పోయింది. చెవుల పక్కన మిగిలినదాన్ని ఎప్పుడో తెల్లగా వదిలేశారు. మీసాన్ని మాత్రం వదల్లేకపోయారు. ఆదివారం పొద్దున్నే నున్నగా గడ్డం గీసుకునేవారు. నల్లరంగు పొడి ప్యాకెట్టులోంచి చిటికెడు తీసి, సీసా మూతలో నీళ్లతో కలిపి, పాత టూత్‌బ్రష్షుతో మీసానికి పట్టించేవారు. తర్వాత అరగంట మాటా ఉండదు, కాఫీ ఉండదు. ఎవరైనా గేటు కొడితే సైగలే. కడిగేశాక పై పెదవి మీద మిగిలిన మరకను టూత్‌పేస్టు పెట్టి రుద్దేవారు.

ఈ పద్ధతిలో రెండు తప్పులున్నాయి. అప్పుడే గీసిన చర్మం మీద కంటికి కనిపించని గీతలుంటాయి, రంగు వాటిలోంచి లోపలికి దిగుతుంది. మరక పోవాలని రుద్దితే ఆ చర్మం మరింత ఒరుసుకుపోతుంది. గడ్డం ముందురోజే గీసుకుని, మీసం చుట్టూ వాజిలిన్ పలచగా రాసి, వెంట్రుకలకు మాత్రమే రంగు అంటించడం మేలు.

అసలు ఆ అరగంటలో ఏం జరుగుతుంది? నల్లరంగుల్లో ఎక్కువ భాగం పారా ఫినైలిన్ డయమైన్ అనే రసాయనం మీదే నడుస్తాయి. పొట్టిగా పీపీడీ అంటారు. దానంతట దానికి నల్లరంగు లేదు. దాని అణువులు చాలా చిన్నవి కాబట్టి వెంట్రుక లోపలికి దూరిపోతాయి. పొడి రంగులో దానితోపాటు, నీళ్లు తగలగానే పెరాక్సైడును విడుదల చేసే పదార్థం ఉంటుంది. క్రీము రంగుల్లో పెరాక్సైడు విడిగా ఇంకో సీసాలో వస్తుంది. పెరాక్సైడు తగిలాక ఆ చిన్న అణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్ద రంగు అణువులవుతాయి. పెద్దవయ్యాక వెంట్రుకలోంచి బయటికి రాలేవు. అందుకే ఎన్ని స్నానాలు చేసినా నలుపు పోదు. ఒకసారి కలిపిన రంగు మర్నాటికి పనికిరాకపోవడానికి కారణం కూడా అదే. ఆ మార్పు మూతలోనే జరిగిపోయి ఉంటుంది.

వెంట్రుకలోకి వెళ్లింది ఏ హానీ చేయదు, అది జీవం లేని పదార్థమే. చిక్కంతా పక్కనున్న చర్మంతో. రంగు పూర్తిగా తయారు కాకముందు చర్మంలోకి దిగిన పీపీడీని కొందరి శరీరం శత్రువుగా గుర్తు పెట్టుకుంటుంది. ఆ తర్వాత తగిలిన ప్రతిసారీ దాని మీద తిరగబడుతుంది. అయితే ఆ తిరగబాటు వెంటనే కనబడదు. ఒకటి నుంచి మూడు రోజుల తర్వాత దురద, ఎరుపు, వాపు, నీటి పొక్కులు రావచ్చు. మూతికి రంగు వేసుకుంటే కనురెప్పలు కూడా వాచడం ఉంది. ఆదివారం వేసిన రంగుకు మంగళవారం దురద పుడితే, ఎవరైనా నిందించేది మంగళవారం తిన్న వంకాయనే.

మాస్టారూ అదే చేశారు. మొదట వంకాయ మానేశారు, తర్వాత బ్లేడు మార్చారు. ఆ పైన మీసం అంచున, పై పెదవి మీద బూడిదరంగు మచ్చ ఒకటి కనిపించింది. రంగు మరకే అనుకుని రుద్దారు. మరకైతే రెండు మూడు రోజుల్లో పోతుంది. ఇది వారాలు గడిచినా పోలేదు. ముందుగా పట్టింది సెలూన్ కుర్రాడు. "మాస్టారూ, ఇది రంగు కాదండీ, తోలే నల్లబడింది. ఒకసారి డాక్టరుగారికి చూపించండి" అన్నాడు.

చర్మవైద్యుడు చూసి, రంగు మీదే అనుమానం అన్నారు. మాస్టారికి మింగుడుపడలేదు. "ఇన్నేళ్లుగా వేస్తున్నదే కదా డాక్టరుగారూ, ఎప్పుడూ ఏమీ కాలేదే!" 

"పడుతూ పడుతూనే ఒకరోజు పడకుండా పోతుందండీ. ఎలర్జీ మొదటిసారే రావాలని లేదు."

ఖాయంగా తేల్చడానికి ప్యాచ్ టెస్టు ఉంది. అనుమానం ఉన్న పదార్థాలను కొద్దికొద్దిగా పట్టీల్లో పెట్టి వీపుకు అంటిస్తారు. 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మరో ఒకట్రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. పీపీడీ పడదని తేలితే ఇక ఆ రంగు జోలికి పోకూడదు. కంపెనీ మార్చినా లాభం లేదు. చాలా రంగుల్లో ఉండేది అదే పదార్థం, లేదా దానికి చుట్టమైన మరొకటి. "అమోనియా లేనిది" అని రాసి ఉన్నంత మాత్రాన పీపీడీ లేనట్టు కాదు, అవి వేర్వేరు రసాయనాలు. బ్లాక్ హెన్నా సంగతీ అంతే. ఒట్టి గోరింటాకు ఎర్రగా పండుతుందే తప్ప నల్లగా పండదు. నల్లగా పండిందంటే నీలి ఆకు పొడి అయినా కలిసి ఉండాలి, పీపీడీ అయినా కలిసి ఉండాలి.

ప్యాకెట్టు మీద ఈ హెచ్చరిక ఉండదా అంటే, ఉంటుంది. మన దేశంలో పీపీడీ ఉన్న రంగుల మీద దాన్ని ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషల్లోనూ ముద్రించాలన్నది చట్టం. చెవి వెనకో, ముంజేతి లోపలివైపో సబ్బుతో కడిగి, కొద్దిగా రంగు రాసి ఆరనిచ్చి, 24 గంటలు చూడాలి. మంట, ఎరుపు లేకపోతేనే వాడాలి. రంగు వేసుకునే ప్రతిసారీ ఇలా చేయాలి. కనుబొమలకూ కనురెప్పలకూ అసలు వేయకూడదు, చూపు పోయే ప్రమాదం ఉంది. మాస్టారు జీవితమంతా పిల్లలకు ప్రశ్నపత్రం రెండుసార్లు చదవమని చెప్పినవారు. ప్యాకెట్టు వెనక మాత్రం ఒక్కసారీ చదవలేదు.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక ఇంట్లో చర్చ మొదలైంది. నల్లమీసం ఎందుకు కావాలో మాస్టారికి స్పష్టంగానే తెలుసు. పాత విద్యార్థులు బజారులో ఎదురైతే గుర్తుపట్టేది దాన్ని చూసే. పెళ్లిళ్లలో తోటివాళ్ల పక్కన నిలబడితే నాలుగేళ్లు చిన్నగా కనిపిస్తారు. 

"టెస్టులో ఏమీ లేదని వస్తే వేసుకోవచ్చు కదా" అన్నారు.

"వచ్చేదాకా ఎందుకండీ? తల తెల్లగా, మీసం కాటుకలా ఉంటే చూసేవాళ్లకు మీ వయసు తెలియడం లేదనుకుంటున్నారా? రంగు వేస్తున్నారని తెలుస్తోంది, అంతే" అన్నారు ఆవిడ.

ఆ మాటలో నిజముంది. సహజంగా నల్లగా ఉండే మీసం అంతటా ఒకే నలుపుగా ఉండదు. కొన్ని వెంట్రుకలు గోధుమరంగులో, కొన్ని ముదురుగా ఉంటాయి. ఒక్కో వెంట్రుక కుదురులో రంగు తయారుచేసే కణాలు ఒక్కో సమయంలో అయిపోతాయి కాబట్టి, నెరవడం కూడా ఒక్కొక్కటిగానే సాగుతుంది. రంగు పొడి ఆ తేడాలన్నీ చెరిపేసి అన్నిటికీ ఒకే నలుపు పూస్తుంది. నలభై ఏళ్ల ముఖం మీద అది దాగుతుంది గానీ, చర్మం ముడతలు పడ్డాక దాగదు.

మానేయాలనుకున్నాక ఎలా మానాలన్నది ఇంకో ప్రశ్న. ఒకేసారి గీయించేస్తే సులువు, మూడు వారాల్లో తెల్లగా కొత్తది వస్తుంది. కానీ మన ఊళ్లలో ఉన్నట్టుండి మీసం తీస్తే, ఇంట్లో ఎవరు పోయారని అడుగుతారు. "తిరపతి వెళ్లొచ్చి తలనీలాలతో పాటే తీయించెయ్యండి, ఎవరూ అడగరు" అన్నాడు సెలూన్ కుర్రాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "మీసం కోసం స్వామిని వాడుకోమంటావా?" అన్నారు. పోనీ నలుపు నుంచి గోధుమరంగుకు, అక్కణ్నుంచి తెలుపుకు నెమ్మదిగా దిగుదామంటే అదీ కుదరదు. నల్లరంగు మీద లేతరంగు వేస్తే నలుపు తగ్గదు. తగ్గించాలంటే బ్లీచ్ చేయాలి, దురదపెడుతున్న పెదవి మీద ఆ పని చేయకూడదు. మిగిలింది కత్తిరించుకుంటూ పోవడమే.

మీసాన్ని ముందు అయిదు మిల్లీమీటర్లకు కత్తిరించారు. వారానికి కుదుళ్ల దగ్గర తెలుపు రెండు మిల్లీమీటర్లు దాటింది, పైన నలుపు మిగిలింది. రెండో వారం సగానికి సగం. ఇదే కష్టమైన వారం. మూతికి ఏదో అంటుకుందని చెప్పినవాళ్లున్నారు, ఒంట్లో బాగోలేదా అని అడిగినవాళ్లూ ఉన్నారు. చాలామంది మళ్లీ ప్యాకెట్టు విప్పేది ఇక్కడే. ఆ వారం దాటాక మళ్లీ కత్తిరిస్తే నల్లకొనలు దాదాపు పోయాయి. నాలుగో వారం చివరికి అక్కడక్కడా ఇంకా నెరవని వెంట్రుకలు తప్ప మీసమంతా తెల్లగా తేలింది. పొట్టి మీసం కాబట్టి నెలలో అయింది. కొనలు మెలితిప్పే రకం, అయిదారు సెంటీమీటర్ల మీసమైతే కత్తిరించకుండా తెల్లబడటానికి అయిదారు నెలలు పడుతుంది.

తెల్లమీసానికీ దాని పని దానికుంది. నలుపులో కనబడని పసుపు దీనిలో కనిపిస్తుంది. సాంబారు, టీ, సిగరెట్టు పొగ అన్నీ మధ్య వెంట్రుకలను పసుపుపచ్చగా మారుస్తాయి. భోజనం తర్వాత మూతి కడుక్కోవాలి, పెదవి మీదికి దిగిన వెంట్రుకలను వారానికోసారి కత్తిరించుకోవాలి. బిరుసుగా ఉంటే ఒక్క చుక్క కొబ్బరినూనె చాలు.

రంగు ఎటూ మానేశారు కాబట్టి ప్యాచ్ టెస్టు అక్కర్లేదనుకున్నారు మాస్టారు. డాక్టరు పట్టుబట్టి చేయించారు. పీపీడీ దగ్గర వీపు ఎర్రగా పొంగింది. ఆ కాగితం ఇప్పుడూ పనికొస్తుంది. పీపీడీ పడనివాళ్లలో కొందరికి బెంజోకేన్ అనే మత్తుమందు, కొన్ని ముదురురంగు బట్టల అద్దకాలు కూడా పడవు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్తే ముందే చెప్పాలి. పెదవి మీది మచ్చ పోవడానికి నెలలు పడుతుందని, పూర్తిగా పోతుందన్న హామీ లేదని డాక్టరు చెప్పారు. దురద మాత్రం రంగు మానిన కొద్ది రోజులకే పోయింది. మాస్టారు మళ్లీ వంకాయ తింటున్నారు.