పొట్ట ముందా, కాళ్లు ముందా?

పెద్దాసుపత్రి మెడికల్ వార్డులో పొద్దున్నే రౌండ్స్ మొదలైతే, యూనిట్ చీఫ్ ఎదుట నిలబడి ఒక విద్యార్థి రోగి గురించి చెబుతుంటాడు. కేసు ప్రెజెంట్ చేయడం అంటారు దీన్ని. పేరు, వయసు, వృత్తి, బాధలు, పాత జబ్బులు, అలవాట్లు, పరీక్షలో కనబడినవి, చివర తన అంచనా అంటూ ఒక చెక్‌లిస్టు అతని దగ్గర ఉంటుంది. అందులో ఏదీ వదలకుండా అప్పజెప్పినా ఒక్కోసారి కేసు అర్థం కాదు. ఈ మనిషి ఇవాళే ఎందుకొచ్చాడన్నది వినేవాళ్లకు తెలిసినప్పుడే ఆ జాబితా పనికొచ్చినట్టు.

ఒక కేసు తీసుకుందాం. 46 ఏళ్ల మనిషి, మార్కెట్ యార్డులో హమాలీ. పొట్ట ఉబ్బి రెండు నెలలు, కాళ్లు వాచి నెల, జ్వరం, కడుపునొప్పి వచ్చి మూడు రోజులు. బాధలను మొదలైన వరసలోనే చెప్పమని చెక్‌లిస్టు అడుగుతుంది. ఎందుకంటే వరసలోనే సగం జవాబు ఉంటుంది. "పొట్ట ముందా, కాళ్లు ముందా?" అని అడిగితే, "ముందు లుంగీ ముడి అందలేదు బాబూ, ఆ తర్వాతే చెప్పులు బిగుతయ్యాయి" అంటాడు. పొట్ట ముందు ఉబ్బితే లివర్ మీద అనుమానం. ఆయాసంతో పాటు కాళ్లు ముందు వాస్తే గుండె. పొద్దున లేవగానే కళ్ల చుట్టూ ఉబ్బితే కిడ్నీ. ప్రతి రోగిలోనూ ఇలాగే ఉండాలని లేదు. అందుకే ఆయాసం లేదు, మొహం వాపు లేదు అని లేనివాటిని కూడా పైకి చెప్పాలి. అలా చెబితేనే గుండెనూ కిడ్నీనీ ఎందుకు పక్కన పెట్టాడో చీఫ్‌కు తెలుస్తుంది.

అలవాట్ల దగ్గర చాలామంది "అప్పుడప్పుడూ తాగుతాడు" అని దాటేస్తారు. ఆ మాటతో ఏ అంచనాకూ రాలేం. ఏం తాగుతాడు, రోజుకెంత, ఎన్నేళ్లుగా అని అడగాలి. రోజూ ఒక క్వార్టర్ విస్కీ అంటే 180 మిల్లీలీటర్లు, అందులో అసలు ఆల్కహాల్ సుమారు 60 గ్రాములు. పదిహేనేళ్లు అలా సాగితే లివర్‌కు ముప్పే. చుట్టూ బంధువులుంటే నిజం చెప్పడానికి మనిషి మొహమాటపడతాడు కాబట్టి, ఈ ప్రశ్న వాళ్లు పక్కకు వెళ్లాక అడగడం మంచిది.

ఇక పరీక్ష. అనుమతి అడిగి, తెర లాగి, చేతులు కడుక్కుని, మంచానికి కుడిపక్క నిలబడాలి. పొట్టలో నీరుందేమో చూడటానికి బొడ్డు దగ్గర్నుంచి పక్కకు వేలితో తట్టుకుంటూ పోతారు. పేగుల్లో గాలి ఉన్నచోట డోలు మోగినట్టుంటుంది, నీరున్నచోట మొద్దుగా వినిపిస్తుంది. శబ్దం మారినచోట వేలు తీయకుండా రోగిని అవతలి పక్కకు ఒత్తిగిలమని, అర నిమిషం ఆగి, అక్కడే మళ్లీ తట్టాలి. నీరు కిందికి జారి ఉంటే మొద్దు శబ్దం పోయి మోగుతుంది. కొత్తవాళ్లు ఆ అర నిమిషం ఆగరు, లేదా వేలు జరిపేస్తారు. రెండింట్లో ఏది జరిగినా ఫలితాన్ని నమ్మలేం. సరిగ్గా చేసినా లీటరు కన్నా బాగా తక్కువ నీరుంటే ఇది పట్టివ్వదు. అప్పుడు స్కానింగ్ కావాలి.

అంతా అయ్యాక రెండు వాక్యాల్లో సారాంశం చెప్పాలి. మన విద్యార్థి "పొట్టలో నీరు, లివర్ సిర్రోసిస్" అని ఆగిపోతే వరసలో చివరనున్న మూడు రోజుల జ్వరం జారిపోతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది. సిర్రోసిస్ రోగి పొట్టలోని నీటికి దానంతటదే ఇన్ఫెక్షన్ సోకవచ్చు. జ్వరం, నొప్పి దాని గుర్తులు. కొందరిలో అవీ ఉండవు, మగతగా మాత్రమే ఉంటారు. కాబట్టి సారాంశం ఇలా ఉండాలి: "చాలా ఏళ్లుగా రోజూ మద్యం తాగే 46 ఏళ్ల వ్యక్తి, రెండు నెలలుగా పొట్టలో నీరు, మూడు రోజులుగా జ్వరం, నొప్పి. సిర్రోసిస్‌తో పాటు ఆ నీటికి ఇన్ఫెక్షన్ అని నా అనుమానం, ఇవాళే నీరు తీసి పరీక్షకు పంపాలి సార్." ఆ నీటిలో న్యూట్రోఫిల్ కణాలు ఘన మిల్లీమీటరుకు 250 లేదా అంతకు మించి ఉంటే, కల్చర్ రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ మొదలుపెడతారు.

ఇదంతా రోగి వింటుండగానే సాగుతుంది. అర్థంకాని ఇంగ్లిష్ మాటల మధ్య 'లివర్' ఒక్కటి చెవినపడితే ఎంత కంగారుపడతాడో! రోగికి ఇంకా చెప్పని జబ్బు పేర్లు, తేలని అనుమానాలు వార్డు బయట మాట్లాడుకోవాలి. కదిలే ముందు విద్యార్థే "పొట్టలో నీరు చేరిందండీ, చీము పట్టిందేమో చూడటానికి సన్నని సూదితో కొంచెం తీస్తాం" అని తెలుగులో చెప్పాలి.

మర్నాటి రౌండ్స్‌లో ఈ కథంతా మళ్లీ చెప్పనక్కర్లేదు. జ్వరం తగ్గిందా, మనిషి తెలివిగా ఉన్నాడా, మూత్రం ఎంత వచ్చింది, బరువెంత, క్రియాటినిన్ పెరిగిందా అన్నవి చాలు. ఈ ఇన్ఫెక్షన్‌లో కిడ్నీలు దెబ్బతినే అవకాశం ఎక్కువ గనుక, మూత్రం తగ్గితే ఆ మాటే అన్నిటికన్నా ముందు చెప్పాలి.