20 లక్షలు దాటిన గ్రాట్యుటీ

ప్రైవేటు కంపెనీల్లో రిటైరవుతున్న చాలామందికి గ్రాట్యుటీ గురించి ఒకటే లెక్క తెలుసు: 20 లక్షల వరకు పన్ను లేదని. నిజానికి ఆ 20 లక్షలు మూడు హద్దుల్లో ఒకటి మాత్రమే. చేతికి వచ్చిన మొత్తం, చట్టం లెక్క ప్రకారం రావలసిన మొత్తం, 20 లక్షలు. ఈ మూడింటిలో ఏది తక్కువైతే దానికే మినహాయింపు.

1991 జులైలో ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో చేరి, 2025 మార్చిలో రిటైరైన సూపర్‌వైజర్‌ను ఊహించుకుందాం. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 1,30,000 రూపాయలు. అప్పట్లో అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం నెలకు 26 రోజులు లెక్కగట్టి, ఏడాది సర్వీసుకు 15 రోజుల జీతం ఇమ్మనేది. రోజుకు 5,000 చొప్పున ఏడాదికి 75,000. సర్వీసు 33 ఏళ్ల 9 నెలలు. చివర్లో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాదిగా తీసుకుంటారు కాబట్టి 34 ఏళ్లు. మొత్తం 25,50,000 రూపాయలు. చట్టం ప్రకారం 20 లక్షలిస్తే చాలు, కానీ కంపెనీ కోత పెట్టకుండా అంతా ఇచ్చింది. అందులో 20 లక్షలకు పన్ను లేదు. మిగిలిన 5,50,000 ఆ ఏడాది జీతంలో కలుస్తుంది.

అదే లెక్క ప్రకారం 15 లక్షలే రావలసినవారికి కంపెనీ అభిమానంతో 18 లక్షలిచ్చిందనుకోండి. 20 లక్షలు దాటకపోయినా, ఆ అదనపు 3 లక్షలకు పన్ను కట్టాల్సిందే. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పైగా 20 లక్షలన్నది జీవితకాలానికంతటికీ కలిపి. పాత కంపెనీలో 6 లక్షలకు మినహాయింపు పొంది ఉంటే ఇక మిగిలింది 14 లక్షలే. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు మాత్రం మొత్తానికీ పన్ను లేదు. బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు తమకూ అదే వర్తిస్తుందనుకుంటారు కానీ, వాళ్లకూ ఈ పరిమితి ఉంది.

2026 మార్చి వరకు వచ్చిన గ్రాట్యుటీలో పన్ను పడే భాగానికి 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 89వ సెక్షన్ కొంత ఉపశమనం ఇస్తుంది. సర్వీసు 15 ఏళ్లు నిండితే, ఆ అదనపు సొమ్మును మూడు భాగాలు చేసి గత మూడేళ్ల ఆదాయానికి కలిపి చూస్తారు. మన సూపర్‌వైజర్‌కు ఏడాదికి 1,83,333 రూపాయలు. ఆ సగటు రేటు ప్రకారం పన్ను తక్కువ పడితే, ఆ తేడా మేరకు తగ్గిస్తారు. అయితే ఆ మూడేళ్లూ ఆయన 30 శాతం శ్లాబులోనే ఉండి ఉంటే తగ్గేది ఏమీ ఉండదు. ఆ సొమ్ము వచ్చిన ఏడాదే పై శ్లాబులోకి వెళ్లినవారికే నిజమైన లాభం. దీనికి రిటర్న్ వేయకముందే ఆన్‌లైన్‌లో ఫారం 10E ఇవ్వాలి. అది లేకుండా రిటర్న్‌లో ఉపశమనం చూపితే ఆదాయపు పన్ను శాఖ ఒప్పుకోదు, బాకీ నోటీసు వస్తుంది.

2026 మార్చి వరకు వచ్చిన గ్రాట్యుటీ అయితే, కంపెనీ ఇచ్చే ఫారం 16లో 10(10) సెక్షన్ ఎదుట ఎంత రాశారో కూడా చూసుకోండి. అక్కడ సున్నా ఉంటే మొత్తం గ్రాట్యుటీకీ పన్ను కోసేశారన్నమాట. రిటర్న్‌లో మినహాయింపు చూపి ఎక్కువ కోసింది వెనక్కి అడగొచ్చు. అందుకోసం గ్రాట్యుటీ లెక్క వేసిన కాగితాన్ని కంపెనీ నుంచి ముందే తీసుకోవాలి.