రెండు ముక్కలు కలపాలి, పొడవు పెరగకూడదు

ఊళ్లో ఉచిత కంటి శిబిరం పెడుతున్నారు. పాంప్లెట్ మ్యాటర్ అరవై మాటల్లో రాసివ్వమన్నారు. సగం కాగితం ఫొటోలకూ దాతల పేర్లకూ పోతుంది కాబట్టి అంతకు మించి చోటు లేదు. రాసిచ్చారు, వాళ్లు సరేనన్నారు. మర్నాడు ఫోను. ‘‘బాగుందండీ. రెండే రెండు ముక్కలు కలపండి చాలు. సుగర్ ఉన్నవాళ్లు తప్పకుండా రావాలని ఒకటి, తోడు మనిషిని తెచ్చుకోమని ఇంకొకటి. పొడవు మాత్రం పెరగనివ్వకండి.’’

రాతపని చేసేవాళ్లందరికీ ఏదో ఒక రూపంలో వచ్చే ఫోనే ఇది. చాలామంది వెంటనే పాత మ్యాటర్ మీద కత్తెర పెడతారు. మొదట చూసుకోవలసింది కొత్త ముక్కలను. వాటికి ఎన్ని మాటలు కావాలో తేలితేనే, పాతదాంట్లో ఎంత తీయాలో లెక్క తెలుస్తుంది.

ముందు పాత మ్యాటర్ చూద్దాం. సరిగ్గా అరవై మాటలు.

‘‘మన ఊరి ప్రజలందరికీ ఒక శుభవార్త. వయసు పెరిగే కొద్దీ కంటిచూపు తగ్గడం సహజమే అయినా సకాలంలో పరీక్ష చేయించుకుంటే పెద్ద ప్రమాదాన్ని తప్పించుకోవచ్చు. ఈ ఉద్దేశంతోనే వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిది గంటల నుంచి మధ్యాహ్నం ఒంటి గంట వరకు మండల పరిషత్ పాఠశాల ఆవరణలో ఉచిత నేత్ర వైద్య శిబిరం నిర్వహించడం జరుగుతుంది. ఈ శిబిరంలో అనుభవజ్ఞులైన వైద్యులు కంటి పరీక్షలు నిర్వహించి అవసరమైన వారికి ఉచితంగా మందులు పంపిణీ చేయడం జరుగుతుంది. కావున ప్రజలందరూ ఈ సదవకాశాన్ని వినియోగించుకోవలసిందిగా కోరుతున్నాము.’’

కొత్త ముక్కలు రాసేముందు నిర్వాహకులను ఒక్క మాట అడగాలి: ఎందుకు? సుగర్ వల్ల కంటి వెనుక పొర దెబ్బతింటున్నా మొదట్లో చూపులో తేడా తెలియదు, అందుకే చూపు బాగున్నవాళ్లు కూడా రావాలి. ఆ పొరను చూడటానికి కంట్లో చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకబారుతుంది, అందుకే తోడు కావాలి. కారణం తెలియకుండా ‘తోడు తెచ్చుకోండి’ అని మాత్రం వేస్తే చదివినవాడు పట్టించుకోడు. బండి మీద ఒంటరిగా వస్తాడు.

ఈ రెండింటినీ తోచినట్టు రాస్తే ఇలా వస్తాయి: ‘‘సుగర్ వ్యాధి ఉన్నవారికి కంటి వెనుక పొర దెబ్బతిన్నా మొదట్లో తెలియదు కాబట్టి వారు తప్పకుండా రావాలి. పరీక్ష కోసం కంట్లో చుక్కల మందు వేస్తే కొన్ని గంటలపాటు చూపు మసకగా ఉంటుంది కాబట్టి బండి నడపకుండా తోడు మనిషితో రావాలి.’’ మొత్తం ముప్ఫై మాటలు. అంటే పాతదాంట్లో సగం ఖాళీ చేయాలి. ‘రెండే రెండు ముక్కలు’ అన్న మాటకు అసలు అర్థం అదీ.

వీటినే బిగించి రాస్తే ఒక్కోటి పన్నెండు మాటలకు వస్తుంది. కావలసిన చోటు ఇరవై నాలుగు మాటలు. ఇక పాతదాంట్లోకి వెళ్లవచ్చు.

చదివినవాడు శిబిరానికి రావడానికి ఏది లేకపోతే కుదరదు? రోజు, వేళ, చోటు, ఏం చేస్తారన్నది. వాటి చుట్టూ పేరుకున్నదంతా తీయదగ్గదే. శుభవార్త వాక్యంలో సమాచారమేమీ లేదు కాబట్టి ఐదు మాటలు పోయాయి. మన ఆఫీసు కాగితాల నుంచి అంటుకున్న ‘జరుగుతుంది’ జాడ్యం రెండుచోట్ల ఉంది. ‘పంపిణీ చేయడం జరుగుతుంది’ అన్నది ‘ఇస్తారు’ అయితే రెండు మాటలు మిగులుతాయి. పైగా ‘వైద్యులు’ అని మొదలుపెట్టి ‘జరుగుతుంది’తో ముగించిన ఆ వాక్యం అప్పటిదాకా కుంటుతూనే ఉంది. శిబిరం వాక్యంలో ఆ క్రియను మొత్తంగా ఎత్తేయవచ్చు. వేళలు అంకెల్లో వేస్తే ఇంకో రెండు మాటలు, ‘నేత్ర వైద్య’ను ‘కంటి’ చేస్తే ఒకటి కలిసొస్తాయి. ఆఖరున ఉన్న ‘కావున’ వాక్యం మొత్తం ‘అందరూ రండి’లోకి ఒదిగిపోతుంది.

ఇప్పుడు ఇలా తయారైంది:

‘‘వయసు పెరిగే కొద్దీ చూపు తగ్గడం సహజమే, సకాలంలో పరీక్ష చేయించుకుంటే ప్రమాదం తప్పుతుంది. వచ్చే ఆదివారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 వరకు మండల పరిషత్ పాఠశాలలో ఉచిత కంటి శిబిరం. అనుభవజ్ఞులైన వైద్యులు పరీక్ష చేసి, అవసరమైన వారికి ఉచితంగా మందులు ఇస్తారు. అందరూ రండి. సుగర్ ఉన్నవారు చూపు బాగున్నా తప్పక రండి; కంటి వెనుక పొర దెబ్బతిన్నా మొదట్లో తెలియదు. చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. బండి నడపకండి, తోడు తెచ్చుకోండి.’’

లెక్కపెట్టుకోండి, అరవయ్యే.

ఈ పనిలో ప్రమాదం పెద్ద మాటలతో రాదు, చిన్న మాటలతో వస్తుంది. ‘అవసరమైన వారికి’ అన్నవి చూడటానికి ఊరికే పడి ఉన్నట్టుంటాయి. అవి తీసేస్తే వచ్చినవాళ్లందరికీ మందులిస్తామని మాట ఇచ్చినట్టవుతుంది, ఆదివారం మధ్యాహ్నం గొడవ నిర్వాహకుల నెత్తిన పడుతుంది. ‘మొదట్లో’ తీసేస్తే సుగర్ వాక్యం అబద్ధమైపోతుంది, ఎందుకంటే జబ్బు ముదిరితే తప్పకుండా తెలుస్తుంది. ‘వేస్తే’ బదులు ‘వేస్తారు’ అంటే అందరికీ చుక్కలు వేస్తారనుకుని కొందరు అసలు రావడం మానేస్తారు. అందుకే కుదించాక, తీసిన మాటలను పాత కాపీలో ఎర్రగీత కింద చూసుకుంటూ, ఒక్కొక్కటి లేకపోతే వాక్యం చెప్పేది మారిందా అని ఇంకోసారి చదవాలి.

తెలుగులో ఇంకో తిరకాసు ఉంది. కంప్యూటరు మాటలను మధ్యలోని ఖాళీలతో లెక్కపెడుతుంది. ‘చుక్కల మందు’ను కలిపి ‘చుక్కలమందు’ చేస్తే ఒక మాట తగ్గినట్టు చూపిస్తుంది. ‘పరీక్ష చేసి’ని అంటించేస్తే ఇంకొకటి. ఇలా నాలుగైదు చోట్ల అంటించి లెక్క సరిచేసే ఘనులు ఉన్నారు. కానీ కాగితం మీద పట్టే చోటు అక్షరాలది. అంటించినంత మాత్రాన పంక్తి తరగదు సరికదా, పొడుగుమాట పంక్తి చివర పట్టక కిందికి దిగి వెనక ఖాళీ వదులుతుంది. అందువల్ల క్లయింటు ‘అరవై మాటలు’ అన్నప్పుడు ఆయన మనసులో ఉన్నది అంకెా, పేజీలో చోటా అని అడిగి తెలుసుకోవాలి. పాంప్లెట్ అయితే దాదాపు ఎప్పుడూ చోటే. మన ఉదాహరణలో మాటలు సమానమైనా, ‘వినియోగించుకోవలసిందిగా’ లాంటివి పోయి ‘రండి’ లాంటివి వచ్చాయి కాబట్టి డీటీపీలో ఇది పాతదానికంటే కాస్త తక్కువ చోటే తీసుకుంటుంది.

కొత్త కాపీ పంపేటప్పుడు ఏమేం తీశారో కూడా రెండు పంక్తుల్లో రాయాలి. ‘శుభవార్త’ ఎవరికి ముద్దో మీకు తెలియదు. అది లేదని ప్రూఫులో కనిపెట్టి అప్పుడు పెట్టమంటే, సర్దుకున్నదంతా మళ్లీ విప్పాలి.

మూడో ఫోను కూడా వస్తుంది. ‘‘ఆధార్ కార్డు, పాత కళ్లజోడు తెచ్చుకోండి అని కూడా...’’ ఐదు మాటలే. అయితే ఇప్పుడు బిగించడానికి వదులు మిగల్లేదు, ఇకమీదట ఒక విషయం వస్తే ఇంకో విషయం పోవాల్సిందే. ఏది పోవాలో రాసినవాడు ఒక్కడే తేల్చకూడదు. ‘‘మొదటి వాక్యం పదకొండు మాటలండీ. అది తీసేసి ఇది వేయమంటారా, లేక దాతల పేర్ల సైజు కొంచెం తగ్గిస్తారా?’’ అని అడగడమే. దాతల పేర్లు తగ్గించమన్నవాళ్లు ఇంతవరకు నాకైతే తారసపడలేదు.